ముప్పై రోజుల గడువు మీద ఒక వెబినార్: లీడ్లు ఎక్కడ దొరుకుతాయి?

విజయవాడ ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల డిస్ట్రిబ్యూటర్లకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మే చిన్న కంపెనీ ఒకటి ఉందనుకుందాం. అయిదారుగురు మనుషులు, ఏడాదికి ఒక్కో కస్టమర్ నుంచి పదిహేను, ఇరవై వేల రాబడి. కొత్త కస్టమర్ల కోసం ఒక వెబినార్ పెట్టాలని ఓనర్ నిర్ణయించాడు. ఇలాంటి చోట మొదట తట్టే టాపిక్ దాదాపు ఎప్పుడూ ఒకటే: ‘జీఎస్టీలో తాజా మార్పులు, పూర్తి అవగాహన’.

ఆ పేరు పెడితే రిజిస్ట్రేషన్లకు లోటుండదు. చిక్కల్లా అక్కడే. బీకాం చదివే పిల్లలు వస్తారు, ఉద్యోగం వెతుక్కునే అకౌంటెంట్లు వస్తారు, పోటీ కంపెనీల వాళ్లూ మారుపేర్లతో వస్తారు. చాట్‌లో పడే మొదటి ప్రశ్న ‘సర్టిఫికెట్ ఇస్తారా అండీ?’ అని. రెండు వందల మంది వచ్చారని ఓనర్ ఆ సాయంత్రం స్క్రీన్‌షాట్ పంచుకుంటాడు. మర్నాడు ఫోన్లు చేసే కుర్రాడికి మాత్రం ఆ రెండు వందల్లో సాఫ్ట్‌వేర్ కొనగలిగినవాళ్లు పట్టుమని పదిమంది కూడా దొరకరు.

టాపిక్ అంటే జల్లెడ. ఎవరు రావాలో ఎంత చెబుతుందో, ఎవరు రానక్కర్లేదో కూడా అంతే చెప్పాలి. ఈ కంపెనీకి అలాంటి టాపిక్ జీఎస్టీ నిబంధనల్లోనే ఉంది. ఏడాది టర్నోవర్ 5 కోట్లు దాటిన వ్యాపారులు 2023 ఆగస్టు 1 నుంచి మరో వ్యాపారికి ఇచ్చే బిల్లుకు ఇ-ఇన్‌వాయిస్ తీయాలి. అంటే బిల్లు వివరాలు ప్రభుత్వ పోర్టల్‌కు పంపి ఐఆర్‌ఎన్ నంబరు తెచ్చుకోవాలి. 10 కోట్లు, ఆపైన ఉన్నవాళ్లకు 2025 ఏప్రిల్ 1 నుంచి ఇంకో మెలిక వచ్చింది. బిల్లు తేదీ నుంచి 30 రోజుల్లోపే పంపాలి, దాటితే పోర్టల్ తీసుకోదు. ఐఆర్‌ఎన్ లేని బిల్లు చట్టం లెక్కలో బిల్లే కాదు. కొన్నవాడికి ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొన్నప్పుడు కట్టిన పన్నును తన పన్నులోంచి తగ్గించుకునే వీలు, ఆగుతుంది; వాడు డబ్బు ఆపుతాడు. నెలంతా బిల్లులు కొట్టుకుంటూ పోయి తీరిక దొరికినప్పుడు పోర్టల్ తెరిచే అలవాటున్న దుకాణానికి ఇది నేరుగా జేబుకు తగిలే విషయం.

కాబట్టి టాపిక్ ఇలా ఉండాలి: ‘10 కోట్లు దాటిన డిస్ట్రిబ్యూటర్లకు: 30 రోజుల గడువులో ఇ-ఇన్‌వాయిస్ ఎక్కడ తప్పుతోంది?’ బీకాం కుర్రాడు దీన్ని చదివి పక్కకు పోతాడు. పోనివ్వండి. ఓనర్ గుండెల్లో రాయి పడేది రిజిస్ట్రేషన్ల సంఖ్య చూసినప్పుడు. మొదటి టాపిక్‌కు మూడు వందలు వచ్చేచోట దీనికి డెబ్బై వచ్చినా గొప్పే.

రిజిస్ట్రేషన్ ఫారం దగ్గర రెండో జల్లెడ వేయాలి. ‘మీ టర్నోవర్ ఎంత?’ అని సూటిగా అడిగితే మన వ్యాపారి ఫారం మూసేస్తాడు. ముక్కూమొహం తెలియనివాడికి ఆ అంకె ఎందుకు చెబుతాడు? దానికి బదులు ఒకే ప్రశ్న వేయాలి: ‘ఇ-ఇన్‌వాయిస్ ఇప్పుడు ఎలా తీస్తున్నారు?’ కింద నాలుగు జవాబులు: పోర్టల్‌లో ఒక్కొక్కటీ ఎక్కిస్తాం, ఎక్సెల్ షీటుతో ఎక్కిస్తాం, సాఫ్ట్‌వేర్ నుంచే వెళ్తుంది, మా ఆడిటర్ చూసుకుంటారు. టర్నోవర్ అడగకుండానే చాలా సంగతులు తెలిసిపోతాయి. మొదటి రెండూ నొక్కినవాళ్లకు నొప్పి ఉంది. మూడో జవాబు ఇచ్చినవాళ్లు ఇప్పటికే ఎవరికో కస్టమర్లు. నాలుగోది నొక్కితే నిర్ణయం దుకాణంలో లేదు, ఆడిటర్ ఆఫీసులో ఉంది. అక్కడ మాట్లాడాల్సిన పద్ధతే వేరు. పేరు, ఫోను, మెయిల్, ఈ ప్రశ్న చాలు. ఫోను, మెయిల్ తీసుకుంటున్నాం కాబట్టి, తర్వాత కూడా సమాచారం పంపవచ్చా అని విడిగా ఒక టిక్ బాక్సు పెట్టాలి. అది ముందే టిక్ పెట్టి ఉండకూడదు.

తేదీ సంగతిలో చాలామంది బోల్తా పడతారు. విదేశీ మార్కెటింగ్ సలహాలు చదివి మంగళవారమో బుధవారమో ఉదయం పదకొండుకు పెడతారు. మన అకౌంటెంటుకు వారం కన్నా నెలలో తేదీ ముఖ్యం. నెలనెలా ఫైల్ చేసేవాళ్లకు 11న జీఎస్టీఆర్-1, 20న జీఎస్టీఆర్-3బీ రిటర్నుల గడువులు. ఆ రెండు తేదీల ముందు రెండేసి రోజులు ఆ మనిషి తల ఎత్తడు. నెలాఖరున అమ్మకాల ఒత్తిడి. అన్నిటికన్నా తీరికైనవి 22 నుంచి 26 మధ్య రోజులు. అందులోనూ కౌంటర్ కాస్త పలచబడే మధ్యాహ్నం మూడున్నర బాగుంటుంది. ఓనర్ భోజనం చేసి కునుకు తీసి వచ్చే వేళ అదే.

ప్రచారానికి రెండు వారాలు చాలు. నెల ముందు రిజిస్టరైనవాడు ఆ రోజుకు మరిచిపోతాడు. ఫేస్‌బుక్ ప్రకటన నుంచి వచ్చే పేర్లు చవకగా పడతాయి గానీ, ఫారంలో పేరూ మెయిలూ ముందే నిండి ఉంటాయి, వేలు తగిలితే రిజిస్ట్రేషన్ అయిపోతుంది. ఎప్పుడో పదేళ్ల కిందట తెరిచిన మెయిల్ ఐడీకి మనం వెబినార్ గుర్తుచేస్తూ పంపే మెయిళ్లు వెళ్లి పడుతుంటాయి. ప్రకటన తప్పనిసరైతే, పంపేముందు వివరాలు ఒకసారి సరిచూసుకోమనే మెట్టు ఫారంలో ఉండేలా ఎంచుకోవాలి. వ్యాపారుల సంఘం వాట్సాప్ గ్రూపులో సంఘం మనిషే పెట్టిన ఒక్క మెసేజ్ దీనికంటే బలంగా పనిచేస్తుంది. అన్నిటికన్నా మేలైన దారి పాత కస్టమర్ల అకౌంటెంట్లు. వాళ్లకు వాళ్లలాంటివాళ్లే తెలుసు. ఏ దారి నుంచి ఎవరు వచ్చారో తేలాలంటే ఒక్కో చోటికి ఒక్కో లింకు ఇవ్వాలి. లింకు చివర `?utm_source=sangham_whatsapp` అని ఒకదానికి, `?utm_source=fb_ad` అని ఇంకోదానికి తగిలిస్తే సరిపోతుంది. తర్వాత లెక్క చూసుకున్నప్పుడు డబ్బు పోసిన దారి ఒకటి, కస్టమర్ వచ్చిన దారి ఇంకొకటి అని తేలడం అరుదేమీ కాదు.

ఆ గంట గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. కంపెనీ చరిత్ర స్లయిడ్లు తీసేయాలి. నలభై నిమిషాల్లో విషయం, అందులో ఎనిమిది నిమిషాలు మాత్రమే సాఫ్ట్‌వేర్, మిగతా సమయం ప్రశ్నలకు. ప్రశ్నలు చాట్‌లో కాకుండా ప్రశ్నోత్తరాల పెట్టెలోనే వేయమనాలి. ఎవరు ఏం అడిగారన్నది పేరుతో సహా రిపోర్టుగా మిగులుతుంది. నా లెక్కలో ఆ మధ్యాహ్నం కంపెనీ సంపాదించిన అసలు ఆస్తి ఆ రిపోర్టే.

ఉదాహరణకు ఒకాయన ఇలా అడిగాడనుకోండి: ‘ఐఆర్‌ఎన్ తీసిన రెండు రోజులకు రేటు తప్పని తెలిసింది. పోర్టల్‌లో రద్దు కావట్లేదు. ఏం చేయాలి?’ ఈ ప్రశ్నలో ఎంత ఉందో చూడండి. ఆయన దుకాణంలో ఇ-ఇన్‌వాయిస్ నడుస్తోంది. రేటు తప్పు పడుతోంది, అంటే బిల్లు ఒకచోట కొట్టి పోర్టల్‌లో మళ్లీ ఎక్కిస్తూ ఉండవచ్చు. ఈ చిక్కు ఈ వారమే వచ్చింది. సేల్స్ మనిషి అరగంట ఫోన్లో లాగినా ఇంత బయటపడదు.

వెబినార్ అయిపోయాక హాజరు రిపోర్టు దించుకుంటే ఒక చిన్న మోసం కనిపిస్తుంది. నెట్ పోయి మూడుసార్లు లోపలికి వచ్చినాయన మూడు వరుసల్లో ఉంటాడు. వరుసలు లెక్కపెడితే హాజరు ఉబ్బుతుంది. ఒక్కో వరుసనే చూస్తే, గంటసేపు ఓపిగ్గా కూర్చున్నవాడు పది నిమిషాలకే పోయినవాడిలా కనిపిస్తాడు. మెయిల్ ఐడీ ప్రకారం నిమిషాలన్నీ కూడుకున్నాకే జాబితాను విడదీయాలి: ప్రశ్న అడిగినవాళ్లు, చివరిదాకా ఉన్నవాళ్లు, మధ్యలో వెళ్లినవాళ్లు, అసలు రానివాళ్లు.

అందరికీ ‘హాజరైనందుకు ధన్యవాదాలు’ అని ఒకే మెయిల్ కొట్టే కంపెనీలు ఈ శ్రమంతా అక్కడే పారబోసుకుంటున్నాయి. రానివాడికి కూడా ఆ ధన్యవాదం వెళ్లడం మరీ విడ్డూరం. రేటు తప్పిన ఆయనకు మర్నాడు ఉదయం పదిలోపు వెళ్లాల్సిన మెయిల్ ఇది:

‘సార్, ఐఆర్‌ఎన్ రద్దు కావట్లేదని నిన్న అడిగారు. తీసిన 24 గంటల్లోపే పోర్టల్‌లో రద్దు చేయడం కుదురుతుంది. మీది రెండు రోజులు దాటింది. రేటు ఎక్కువ పడి ఉంటే క్రెడిట్ నోట్ ఇవ్వవచ్చు. దానికీ ఐఆర్‌ఎన్ కావాలి, దానికీ 30 రోజుల గడువు ఉంటుంది. మీ విషయంలో ఏది మేలో ఆడిటర్‌గారిని ఒకసారి అడగండి. రేటు బిల్లులోనే తప్పిందా, పోర్టల్‌లో ఎక్కించేటప్పుడు తప్పిందా? చెబితే ఎక్కడ ఆపాలో చూద్దాం.’

బ్రోషర్ లేదు, డెమో బుక్ చేసుకోండి అన్న బటన్ లేదు. చివరి ప్రశ్నకు ఆయన జవాబిచ్చాడంటే సంభాషణ మొదలైనట్టే, ఆ రోజే ఫోన్ చేయవచ్చు. ఈ మెయిల్ ఒక మనిషి పేరుతో, జవాబు వస్తే చదివే చిరునామా నుంచి వెళ్లాలి.

చివరిదాకా ఉండి నోరు విప్పనివాళ్లకు ఫారంలో వాళ్లిచ్చిన జవాబే ఆధారం. ఎక్సెల్ షీటు అన్నవాడికి షీటులో సాధారణంగా దొర్లే తప్పుల గురించి రాయాలి. ఆడిటర్ అన్నవాడికి ఆడిటర్‌గారికి పంపదగ్గ ఒక పేజీ సారాంశం పెట్టాలి. రానివాళ్లకు గంట రికార్డింగు పంపితే ఎవరూ చూడరు. పోర్టల్ తిరస్కరించే ఘట్టం ఒక్కటీ కత్తిరించి ఆరు నిమిషాల ముక్కగా పంపాలి. నాలుగో రోజు ఇంకొకటి, పదో రోజు చివరిది. మూడింటికీ ఉలుకూ పలుకూ లేకపోతే ఆపేయడమే మర్యాద.

మెయిల్ తెరిచారా లేదా అన్న అంకెను నమ్ముకోవద్దు. మెయిల్‌లో దాచిన చిన్న బొమ్మ దిగితే తెరిచినట్టు లెక్క. ఆపిల్ మెయిల్ 2021 నుంచి బొమ్మలను ముందే దించుకునే ఏర్పాటు తెచ్చింది. అది పెట్టుకున్న మనిషి చదవకపోయినా తెరిచినట్టే నమోదవుతుంది. జవాబులు, లింకు నొక్కడాలు చూడాలి. జవాబులు బొత్తిగా రాకపోతే మాటలు మార్చేముందు మెయిళ్లు స్పామ్‌లో పడుతున్నాయేమో సొంత జీమెయిల్‌కు ఒకటి పంపి చూసుకోవాలి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ తన ఖాతాలకు మెయిల్ పంపేవాళ్లందరికీ ఎస్‌పీఎఫ్ లేదా డీకిమ్, అంటే మెయిల్ నిజంగా ఆ డొమైన్ నుంచే వచ్చిందని చూపే ధ్రువీకరణ, తప్పనిసరి చేసింది. కంపెనీ డొమైన్‌కు అవి పెట్టకుండా ఎంత చక్కని తెలుగు రాసినా లాభం లేదు.

డెబ్బైమంది రిజిస్టరై, ముప్పైమంది వచ్చి, తొమ్మిదిమంది అడిగి, ఇద్దరు కొన్నారనుకుందాం. ముప్పై, నలభై వేలు వచ్చినట్టు. ప్రకటనకు ఎనిమిది వేలు, ముగ్గురి నాలుగు రోజుల పని తీసేస్తే మొదటి ఏడాది పెద్దగా మిగలదు. రెన్యువల్‌లోనే లాభం. ఏటా రెన్యువల్ లేని సరుకు, వందల్లో ధర ఉన్న సరుకు అమ్మేవాళ్లకు ఈ దారి గిట్టదు.

ఈ జాబితాలో చాలా కంపెనీలు పారేసే పేర్లు ఉంటాయి. ‘మాది 10 కోట్లు లేదండీ, మాకు ఈ గడువు వర్తించదు’ అని ఫోన్లో చెప్పినవాళ్లు వాళ్లు. ఇ-ఇన్‌వాయిస్ 2020 అక్టోబరులో 500 కోట్ల కంపెనీలతో మొదలై, మెట్టు మెట్టుగా దిగి 2023 ఆగస్టుకు 5 కోట్లకు వచ్చింది. 30 రోజుల గడువు కూడా 2023 నవంబరులో 100 కోట్లవాళ్లతో మొదలై 10 కోట్లకు దిగింది. ఆ పేర్లను విడిగా ఒక షీటులో ఉంచితే, పరిమితి మళ్లీ దిగిన రోజున తర్వాతి వెబినార్‌కు పిలవాల్సిన మొదటి జాబితా అదే.