నాలుగు స్వరాలతో పాట దొరుకుతుందా? వెతకాల్సింది స్వరాన్ని కాదు, దూరాన్ని

ఒక బాణీ చెవిలో తిరుగుతూ ఉంటుంది, పేరు మాత్రం గుర్తుకు రాదు. కీబోర్డు మీద కాస్త వాయించగలం. షజామ్‌కు వినిపిస్తే సాధారణంగా ఫలితం ఉండదు. అది పోల్చేది రికార్డింగుతో రికార్డింగును, మన చేతి వాయింపుకు దాని దగ్గర జోడీ లేదు. ఇలాంటప్పుడు పనికొచ్చేవి మ్యూసిపీడియా, థీమ్‌ఫైండర్ లాంటి బాణీ వెతుకులాట సైట్లు. ఇవి స్వరాల పేర్ల కంటే, ఒక స్వరం నుంచి తర్వాతి స్వరానికి ఉన్న దూరాన్ని పట్టుకుని వెతకగలవు.

సంగీతం నేర్చుకున్న తెలుగువాళ్లకు ఇది వింతేమీ కాదు. ఒకటో శ్రుతిలో పాడినా, రెండో శ్రుతిలో పాడినా కీర్తన అదే. కీబోర్డు మీద నలుపు, తెలుపు కీలన్నీ వరసగా లెక్కపెడితే పక్క కీకి ఒక సెమిటోన్ దూరం. ఎక్కడ మొదలుపెట్టినా ఆ లెక్క మారదు. కాబట్టి అసలు పాట ఏ శ్రుతిలో ఉందోనన్న టెన్షన్ అక్కర్లేదు.

మనకు దగ్గరి ఉదాహరణే తీసుకుందాం. ముత్తుస్వామి దీక్షితులు పాశ్చాత్య తీరు బాణీల్లో కట్టిన చిన్న కృతులు, అంటే నొట్టుస్వరాల్లో 'సంతతం పాహి మాం' ఒకటి. రాగం శంకరాభరణం. 'స స రి ని స రి' అన్న ఎత్తుగడను కీబోర్డు మీద C C D B C D అని వాయించవచ్చు, ఇక్కడ ని కింది స్థాయిది. వీటి మధ్య దూరాలు ఇవి:

```
0 +2 -3 +1 +2
```

స నుంచి స కు సున్నా, రి కి రెండు పైకి, కింది ని కి మూడు దిగువకు, మళ్లీ స కు ఒకటి, రి కి రెండు. పాశ్చాత్య బాణీలున్న సూచికలో ఈ అంకెలతో వెతికితే వచ్చేది దీక్షితుల పేరు కాదు, బ్రిటన్ జాతీయ గీతం. దీక్షితులు ఆ బాణీకే సంస్కృత సాహిత్యం కట్టారు. లీక్టెన్‌స్టైన్ జాతీయ గీతానిదీ అదే బాణీ. అంటే ఈ సాధనాలు వెతికిపెట్టేది బాణీని మాత్రమే. మనం విన్నది అందులో ఏ పాటో మన చెవే తేల్చాలి.

ఇప్పుడు తప్పు వాయిస్తే ఏమవుతుందో చూద్దాం. పై వరసలో ని స్వరాన్ని ఒక కీ దిగువన, అంటే B బదులు A# నొక్కామనుకోండి. దూరాలు ఇలా మారతాయి:

```
0 +2 -4 +2 +2
```

తప్పింది ఒక్క స్వరమే, చెడింది రెండు దూరాలు. ఎందుకంటే మధ్యలోని ప్రతి స్వరమూ ముందున్న దూరంలోనూ, వెనకున్న దూరంలోనూ భాగమే. కచ్చితమైన అంకెలతో పోల్చే వెతుకులాట ఇక్కడ చేతులెత్తేస్తుంది. జనం 'ఈ సైటు పనిచేయదు' అని వదిలేసేది కూడా తరచుగా ఇక్కడే.

నా అభిప్రాయంలో చెవి మీద పూర్తి నమ్మకం లేనివాళ్లు మొదట బాణీ నడకతో, అంటే స్వరాలు పైకి వెళ్లాయా కిందికి వచ్చాయా అన్నదానితో వెతకాలి. డెనిస్ పార్సన్స్ 1975లో తెచ్చిన బాణీల సూచిక ఈ పద్ధతి మీదే నడిచింది. స్వరం పైకి వెళ్తే U, కిందికి వస్తే D, అదే మళ్లీ వస్తే R, మొదటి స్వరానికి నక్షత్రం గుర్తు. మన బాణీ ఇలా అవుతుంది:

```
*RUDUU
```

A# తప్పు నొక్కినా ఇందులో ఒక్క అక్షరమూ మారదు. అయితే ఈ ఓర్పుకు మూల్యం ఉంది. ఆరు స్వరాలతో ఏర్పడగల నడకలు 243 మాత్రమే, కాబట్టి సంబంధం లేని బాణీలు కుప్పగా వచ్చిపడతాయి. పదహారు స్వరాలిస్తే ఆ సంఖ్య కోటీ నలభై మూడు లక్షలు దాటుతుంది. 'గ గ మ గ రి స రి స ని స' దాకా వాయించి ఇస్తే నడక ఇది:

```
*RUDUUURUDDDUDDU
```

ఇంత పొడవిస్తే జాబితా బాగా చిన్నదవుతుంది. నడకను కూడా చెడగొట్టేది ఒకటుంది, స్వరాల సంఖ్య. ఒకే స్వరం మీద రెండు అక్షరాలు పలికే చోట ఒక్కసారే నొక్కితే ఒక R పోతుంది, వెనక ఉన్నదంతా ఒక స్థానం జరుగుతుంది. ఫలితం రాకపోతే పాటను నోటితో పాడుకుంటూ అక్షరానికొక కీ చొప్పున మళ్లీ నొక్కి చూడాలి. సూచికలో ఎత్తుగడలు మాత్రమే ఉంటే, మనకు గుర్తున్న మధ్య ముక్క ఎంత సరిగ్గా ఇచ్చినా దొరకదు.

మన పాటల దగ్గరికొస్తే అసలు అడ్డంకి వేరు. ఈ సూచికలు ప్రధానంగా స్టాఫ్ నొటేషన్‌లో ఉన్న పాశ్చాత్య శాస్త్రీయ, జానపద బాణీలతో కట్టినవి. తెలుగు సినిమా పాట వాటిలో దొరుకుతుందని ఆశించలేం. కర్ణాటక కీర్తనలకైతే స్వరపరచిన పుస్తకాలు మన దగ్గర ఉన్నాయి. రాగం పేరు ఉంటే రి, గ లు ఏ రకానివో తెలుస్తుంది, దూరాలు లెక్కకట్టవచ్చు. కానీ తోడి రాగంలో గాంధారం ఒక చోట నిలవదు, ఊగుతుంది. కీబోర్డు మీద దాన్ని ఒక్కొక్కరు ఒక్కో కీతో, ఒక్కోసారి రెండు కీలతో వాయిస్తారు. కాబట్టి మన కీర్తనలకు సూచిక కడితే పల్లవి ఎత్తుగడను పుస్తకంలో ఉన్నట్టు ఒకసారి, కీబోర్డు మీద జనం వాయించే తీరుల్లో మరికొన్నిసార్లు నమోదు చేయాలి. నొట్టుస్వరాల్లో ఇలా స్వరాన్ని ఊపే గమకాలు దాదాపు ఉండవు కనుక వాటికి ఒక్క నమోదు చాలు. పని అక్కడి నుంచి మొదలుపెట్టడం తేలిక.