పులిహోర ముద్దయింది, తప్పు పిన్నిగారిది కాదు

ఉగాది రోజు లంచ్ లైన్లో ఒకాయన ప్లేటు చాపి "ఇది పులిహోరా, పొంగలా?" అని గట్టిగా అడిగారు. వెనకున్న నలుగురూ నవ్వారు. టేబుల్ అవతల గరిట పట్టుకుని నిలబడ్డ పిన్నిగారు (మన సంఘంలో అందరికీ ఆవిడ పిన్నిగారే, పేరు చెప్పక్కర్లేదు) ఒక్క మాట కూడా అనలేదు. గరిట పక్కన పెట్టి వంటగదిలోకి వెళ్లిపోయారు. నేను వెళ్లి చూసేసరికి సింక్ దగ్గర నిలబడి ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్ గిన్నె తోముతున్నారు. రెండు రాత్రులు కూర్చుని చింతపండు గుజ్జు కాచి, ఆవపిండి కొట్టి, జీడిపప్పు విడిగా వేయించి తెచ్చిన మనిషి. ఆ గుజ్జు రుచి ఎంత బాగుందో ఆ ముద్దలో ఎవరికీ తెలియలేదు.

ఆ రాత్రే వాట్సాప్ గ్రూపులో మొదలైంది. "బాస్మతి కుక్కర్లో పెడితే ఇంతే" అని ఒకరు, "స్టవ్ మీద తప్ప బాస్మతి కుదరదు" అని ఇంకొకరు, చివరికి "ఇకనుంచి అన్నం ఐటమ్స్ అన్నీ కేటరింగ్‌కి ఇచ్చేద్దాం" అని ఒక ప్రతిపాదన. అది వచ్చే జనరల్ బాడీ మీటింగ్ ఎజెండాలోకి కూడా ఎక్కింది. ఫుడ్ కమిటీలో ఉన్నదాన్ని కాబట్టి, ఆ రోజు వంటగదిలో జరిగిందంతా కళ్లారా చూశాను కాబట్టి, నాకు తెలిసింది ఇక్కడ రాస్తున్నాను.

ఆ రోజు సోనా మసూరి తక్కువపడింది. దీపావళికి కొన్న బాస్మతి సంచి మిగిలి ఉంటే అదే వాడాం. కడిగి అరగంట నానబెట్టాం, అంతవరకు సవ్యంగానే ఉంది. కుక్కర్‌తో పాటు వచ్చిన ప్లాస్టిక్ కప్పుతో 20 కప్పుల బియ్యం కొలిచింది నేనే. ఎసరు కొలిచింది ఇంకొక వాలంటీర్, హాల్ వంటగదిలో ఉన్న గాజు కొలత కప్పుతో. ప్యాకెట్ మీద ఒకటికి రెండు అని ఉంది కాబట్టి 40 కప్పులు పోశారు. చూడ్డానికి లెక్క సరిగ్గానే ఉంది. కానీ కుక్కర్ కప్పు పట్టేది 180 మిల్లీలీటర్లు, అమెరికాలో వాడే కొలత కప్పు పట్టేది దాదాపు 240. అంటే 3.6 లీటర్ల బియ్యానికి 9.6 లీటర్ల నీళ్లు పడ్డాయి. ఒకటికి రెండు అనుకున్నది రెండున్నర దాటిపోయింది. మూత సందుల్లోంచి గంజి పొంగి టేబుల్ మీదికి కారుతుంటే అందరం టవల్ తెచ్చి తుడిచాం గానీ, ఎందుకు పొంగుతోందని ఎవరమూ ఆలోచించలేదు. అప్పుడే తెలుసుకోవాల్సింది.

సరే, రెండు కప్పులూ ఒకటే అయినా ఆ అన్నం బాగుండేదా? ఉండేది కాదు. ఒకటికి రెండు అనేది తక్కువ బియ్యం, అదీ నానబెట్టకుండా, మూత సరిగ్గా పట్టని గిన్నెలో వండేటప్పటి లెక్క. ఎసరులో రెండు భాగాలుంటాయి. ఒకటి గింజ తాగేది, రెండోది ఆవిరై పోయేది. గింజ తాగేది బియ్యాన్ని బట్టి పెరుగుతుంది, ఇంచుమించు బియ్యం ఎంతో నీళ్లూ అంతే. ఆవిరయ్యేది మాత్రం గిన్నె వెడల్పు, మూత బిగువు, ఉడికే టైమ్ బట్టి ఉంటుంది. బియ్యం పదింతలయితే అదీ పదింతలవ్వదు. అందుకే ఇంట్లో రెండు కప్పులకి కుదిరిన లెక్కని పండగకి పదితో హెచ్చవేస్తే అన్నం ముద్దవుతుంది. పైగా అరగంట నానిన బాస్మతి అప్పటికే కొంత నీరు తాగేసి ఉంటుంది. ఆ 3.6 లీటర్ల బియ్యానికి నాలుగున్నర లీటర్ల ఎసరు సరిపోయేది. మిగిలిన ఐదు లీటర్లు ఎక్కడికి పోతాయి?

ఇక్కడ కుక్కర్ సంగతి చెప్పాలి. మనం వాడే మామూలు మీట కుక్కర్‌కి అన్నం ఉడికిందో లేదో తెలియదు. గిన్నె అడుగుని ఆనుకుని ఒక అయస్కాంతం ఉంటుంది. నీళ్లు మరుగుతున్నంతసేపూ అడుగు వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగి ఉంటుంది. విడి నీళ్లు అయిపోగానే వేడి దాటుతుంది, ఆ వేడికి అయస్కాంతం పట్టు సడలుతుంది, మీట టక్కుమని పైకి లేస్తుంది. 1955లో జపాన్లో తోషిబా అమ్మిన మొదటి ఆటోమేటిక్ కుక్కర్లో అయస్కాంతం లేదు, కానీ సూత్రం ఇలాంటిదే. బయటి గిన్నెలో కొలిచి పోసిన నీళ్లు ఆవిరయ్యాక వేడి పెరిగి స్విచ్ కట్టయ్యేది. అంటే కుక్కర్ టైమ్‌ని నిర్ణయించేది మనం పోసిన నీళ్లే. ఐదు లీటర్లు ఎక్కువ పోస్తే, అవి గింజలోకి వెళ్లో ఆవిరయ్యో అయిపోయేదాకా అది ఉడికిస్తూనే ఉంటుంది. ఆ రోజు గంట దాటినా మీట లేవలేదు. అప్పటికి మెతుకులు రెండు కొసలా పేలి, విచ్చుకుని, ఒకదానికొకటి అంటుకుపోయాయి.

ఇంక రెండో తప్పు. మీట లేచేసరికి పంచాంగ శ్రవణం అయిపోయింది, జనం లైన్లో ఉన్నారు, స్టేజి మీద నుంచి లంచ్ రెడీయా అని మైకులో అడుగుతున్నారు. టెన్షన్లో మూత తీసిన నిమిషానికే గుజ్జు పోసి కలిపేశారు. మిగిలిన మెతుకులు కూడా అప్పుడే విరిగిపోయాయి.

మా నాయనమ్మ గంజి వార్చాక గిన్నెని మళ్లీ పొయ్యి మీద నిప్పుల సెగకి పెట్టి, పైన సిబ్బి వేసి, "ఉమ్మగిల్లనీ" అనేది. మేం ఆకలేస్తోందని ఎంత గోల పెట్టినా సిబ్బి తీయనిచ్చేది కాదు. వార్చకుండా కొలిచి పోస్తే దాన్ని అత్తెసరు అనేది. మనం కుక్కర్లో చేసేదీ, స్టవ్ మీద మూత పెట్టి చేసేదీ రెండూ అత్తెసరే. రెండింటికీ ఉమ్మగిల్లడం కావాలి. పొయ్యి కట్టేసిన క్షణంలో గిన్నెలో అన్నమంతా ఒకలా ఉండదు. పైన పొడిగా, కింద చెమ్మగా ఉంటుంది. మూత వేసి పది పదిహేను నిమిషాలు వదిలేస్తే ఆ చెమ్మ సర్దుకుంటుంది, మెతుకు పైపొర కాస్త చల్లారి గట్టిపడుతుంది. అప్పుడు కదిపితే విరగదు.

మాటలతో ఒప్పించలేనని, ఆ తర్వాతి శనివారం ఇంట్లో చేసి చూశాను. అదే సంచిలో బియ్యం, అదే 180 కప్పు, బియ్యానికీ నీళ్లకీ అదొక్కటే. రెండు కప్పులు కడిగి అరగంట నానబెట్టి, జల్లెడలో పూర్తిగా వడకట్టి, కుక్కర్లో రెండున్నర కప్పుల నీళ్లతో పెట్టాను. మీట లేవగానే ఒకసారి చూశాను. పైమెతుకు గోళ్ల మధ్య నొక్కితే లోపల తెల్లగా సూదిమొనంత పలుకు తగిలింది, అట్లకాడ అడుక్కి దించితే తడి తగిలింది. మూత వేసి, ప్లగ్ తీసేసి (వార్మ్‌లో ఉంచితే అడుగు ఎండిపోతుంది) పదిహేను నిమిషాల తర్వాత తీస్తే పలుకు లేదు, తడీ లేదు. అన్నం పైన చిన్న చిన్న గుంటలు పడి ఉన్నాయి, అట్లకాడతో అంచుల నుంచి లేపితే మెతుకులు దేనికవే పొడవుగా విడిపోయాయి.

స్టవ్ మీద కూడా అంతే బియ్యం, కాకపోతే మూత కొంచెం ఆవిరి వదులుతుంది కాబట్టి మూడు కప్పుల నీళ్లు. తెర్లాక సెగ బాగా తగ్గించి పన్నెండు నిమిషాలు ఉంచి, కట్టేసి మళ్లీ పదిహేను. మా అపార్ట్‌మెంట్లో కాయిల్ స్టవ్ కాబట్టి కట్టేసినా చాలాసేపు వేడిగానే ఉంటుంది, గిన్నెని పక్క బర్నర్ మీదికి జరపకపోతే అడుగంటుతుంది. మొదటిసారి అలాగే అంటింది. రెండోసారి వచ్చిన అన్నం, నిజం చెప్పాలంటే, కుక్కర్ అన్నం కంటే ఒక పిసరు బాగుంది, మూత తీయగానే వాసన కూడా ఎక్కువొచ్చింది. మా వారికి రెండూ వడ్డిస్తే ఏది ఏదో చెప్పలేకపోయారు. పిల్లలున్న ఇంట్లో, నైట్ డ్యూటీ నుంచి వచ్చి బియ్యం పడేసి స్నానానికి వెళ్లే ఇంట్లో, కుక్కర్‌ని తప్పు పట్టే అర్హత ఎవరికీ లేదు.

కానీ 20 కప్పులకి నా ఓటు మాత్రం నాయనమ్మ పద్ధతికే. పెద్ద గిన్నె నిండా నీళ్లు తెర్ల కాగనిచ్చి, ఉప్పు వేసి, నానిన బాస్మతి వేస్తే ఆరేడు నిమిషాల్లో మెతుకు ముప్పాతిక ఉడుకుతుంది. గోళ్ల మధ్య మూడు ముక్కలుగా విరిగి మధ్యలో కొంచెం పలుకు కనిపించగానే వార్చేయాలి. మళ్లీ గిన్నెలో వేసి, మూత కింద శుభ్రమైన గుడ్డ పరిచి, సన్న సెగ మీద ఐదు నిమిషాలు, కట్టేసి పదిహేను. నీళ్ల కొలతే అక్కర్లేదు, కాబట్టి కప్పు తేడా వచ్చినా నష్టం లేదు. ఇందులో ఉన్న కష్టమల్లా ఆ వేడి నీళ్ల గిన్నె వంచడమే. ఒక్కరు చేయకూడదు, ఇద్దరు కావాలి, సింక్ దగ్గర పిల్లలు ఉండకూడదు. పులిహోరకైతే ఉమ్మగిల్లాక పెద్ద బేసిన్లలో ఆరబోసి, పసుపూ నూనే చల్లి, చల్లారాకే గుజ్జు కలపాలి.

కమిటీ పెద్దలకి నా మనవి. కేటరింగ్ తీర్మానాన్ని ఈసారి ఓటింగ్‌కి పెట్టకండి. కేటరింగ్ వాళ్లు బాగా చేయరని కాదు. ఆ తీర్మానం పాసయితే పిన్నిగారు ఇక మన వంటగదిలోకి రారు, ఇప్పటికే ఫోన్ చేస్తే ఒంట్లో బాగాలేదంటున్నారు. దీపావళికి అదే పులిహోర, అదే బాస్మతితో, ఆవిడ గుజ్జుతో చేసే అవకాశం మాకు ఇవ్వండి. గంజి వార్చడానికి పెద్ద జల్లెడ నేను తెస్తాను, పట్టడానికి ఇద్దరు కుర్రాళ్లు ఒప్పుకున్నారు. ఉగాదికి హాల్ తాళం మా చేతికి పదిన్నరకి వచ్చింది, లంచ్ పన్నెండున్నరకి పెట్టారు. నానడానికి అరగంట, ఉమ్మగిల్లడానికి పావుగంట, ఆరడానికి ఇంకో అరగంట ఉండాలి కదా. ఈసారి తాళం తొమ్మిదింటికి ఇప్పించండి.