30 సీట్లలో 41 మందిని కూర్చోబెట్టిన ప్రవేశాల పేజీ గారికి

మా ఊరి నీట్ కోచింగ్ సెంటరు వెబ్‌సైటులో వెలసిన మహారాజశ్రీ ప్రవేశాల పేజీ గారికి, ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి ప్లస్ టూ చదువుతున్న ఒక అమ్మాయి తండ్రి నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి. మా ఇంట్లో అందరం క్షేమం. మీరు కూడా క్షేమంగానే ఉన్నారని, రెండు నెలలుగా మీ నెత్తిమీద వెలిగి ఆరుతున్న 'ఇంకా 2 సీట్లే మిగిలాయి' అన్న ఎర్ర పట్టీని చూసి తెలుసుకుంటున్నాను.

మా అమ్మాయికి నీట్ కోచింగ్ ఇప్పించాలనుకున్నప్పుడు బరంపురమో విశాఖపట్నమో పంపే స్తోమత లేక, ఊళ్ళోనే ఉన్న మిమ్మల్ని ఆశ్రయించాను. మీరు ఒడియాలోనూ తెలుగులోనూ ఇంగ్లీషులోనూ స్వాగతం పలికారు. మూడు భాషల్లోనూ అంకెలు మాత్రం ఒక్కటే కావడం వల్ల నాకు చదవడం సులువైంది, మీకు కొంచెం ఇబ్బంది అయింది.

పై భాగంలో 'ఒకే బ్యాచ్, 30 సీట్లు మాత్రమే, ప్రతి విద్యార్థిపై వ్యక్తిగత శ్రద్ధ' అని రాశారు. చాలా సంతోషం. కొంచెం కిందికి జరిగితే, 2025 నీట్‌లో మీ దగ్గర చదివినవారిలో 41 మంది అర్హత సాధించారని పూలదండల బొమ్మల మధ్య ప్రకటించారు. ఒక్కరు కూడా తప్పకపోయినా 30 మంది రావాలి కదా, మిగిలిన 11 మంది ఏ బెంచీ మీద కూర్చున్నారని నేను కొంతసేపు నిజంగానే ఆలోచించాను.

జవాబు మా పక్కింట్లోనే దొరికింది. మీ 41 ఫోటోలలో రెండో వరుసలో చివర ఉన్న పిల్ల మా పక్కింటి అమ్మాయి. ఆమె మెడలో కనిపిస్తున్న టై, ఆమె రెండేళ్ళు హాస్టల్‌లో ఉండి చదివిన వేరే కాలేజీది. బొమ్మ అంచు కత్తిరించేటప్పుడు మీరు ముడి కింది భాగం వరకే తీసేయగలిగారు, ముడి మిగిలిపోయింది. పరీక్షకు ముందు సెలవుల్లో ఇంటికి వచ్చినప్పుడు, మూడు ఆదివారాలు మీ దగ్గర నమూనా పరీక్షలు రాసి, అందుకు 300 రూపాయలు కట్టింది. మీకూ ఆమెకూ ఉన్న గురుశిష్య సంబంధం అంతే. ఫోటో పెడతామని మీరు అడగలేదు, ఆమె ఇవ్వలేదు. సరిహద్దు దాటితే ఆంధ్ర వైపు పాతపట్నంలో ఆమె ఫోటో ఇంకో ఫ్లెక్సీ మీద కూడా ఉందని వాళ్ళ నాన్నగారు చెప్పారు. ఒక్క ర్యాంకు రెండు రాష్ట్రాలను పోషించడం మా సరిహద్దువాళ్ళకు కొత్తేమీ కాదు లెండి.

ఇక 'అర్హత' అన్న మాట గురించి ఒక విన్నపం. అది అబద్ధం కాదు, అందుకే దాన్ని పట్టుకోవడం కష్టం. నీట్‌లో జనరల్ వర్గానికి అర్హత అంటే 50 పర్సంటైల్, అంటే రాసినవాళ్ళలో దాదాపు సగంమంది కంటే ముందుండడం. అది నూటికి యాభై మార్కులు అనుకునేవాళ్ళు మా వీధిలో చాలామంది ఉన్నారు, మొన్నటిదాకా వాళ్ళలో నేనూ ఒకణ్ణి. 2025లో ఆ గీత 720 మార్కులకు 144 దగ్గర పడింది. ఒక సరైన జవాబుకు 4 మార్కులు కాబట్టి, 180 ప్రశ్నలలో 36 సరిగ్గా గుర్తించి తక్కినవి ముట్టుకోకుండా వదిలేసినా అర్హులే. రిజర్వేషన్ వర్గాలకు గీత ఇంకా కిందే ఉంటుంది. ఆ ఏడాది దేశం మొత్తం మీద అర్హత పొందినవారు 12,36,531 మంది. ఎంబీబీఎస్ సీట్లు సుమారు లక్షా ఇరవై వేలు. అంటే అర్హులైన పదిమందిలో తొమ్మిదిమంది ఆ సీటు చూడరు. మీరు 41 మంది అర్హతనే పండగ చేశారు గానీ, వాళ్ళలో ఎంతమందికి సీటు వచ్చింది, ఏ కాలేజీలో వచ్చింది అన్న ఒక్క వరుస మాత్రం ఎక్కడా లేదు. సీటు వచ్చి ఉంటే కాలేజీ పేరు ఫోటో కన్నా పెద్ద అక్షరాల్లో ఉండేదని అనుకోవడం నా దురాలోచన కావచ్చు.

ఫీజు దగ్గరికి వద్దాం. '45,000 మాత్రమే' అన్న మాట పక్కన ఒక చుక్క గుర్తు ఉంది. ఆ చుక్కను వెతుక్కుంటూ అట్టడుగుకు పోతే ప్రవేశ రుసుము 3,000, పుస్తకాలకు 6,000, పరీక్షలకు 5,000 అని ఉంది. అన్నీ కలిపి 59,000. దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే మరో 10,620. మొత్తం 69,620 రూపాయలు. 'మాత్రమే' ఏ గుమ్మం దగ్గర తప్పిపోయిందో తెలియదు.

కోచింగ్‌పై 18 శాతం పన్ను ఉన్నమాట నిజమే. కానీ సేవలకు ఏడాది టర్నోవరు 20 లక్షలు దాటితేనే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. రిజిస్ట్రేషన్ లేనివాళ్ళు పన్ను వసూలు చేయకూడదు. మీరే చెప్పిన 30 సీట్లను 59,000తో హెచ్చిస్తే 17,70,000 వస్తుంది. గీత దాటలేదు. ఒకవేళ మీరు స్వచ్ఛందంగా రిజిస్టరు చేసుకుని ఉంటే, ఒడిశా కాబట్టి 21తో మొదలయ్యే 15 అక్షరాల నంబరు రసీదు మీద ఉండాలి. పక్కింటివాళ్ళ రసీదు తెప్పించుకుని చూశాను. దాని మీద సరస్వతీదేవి బొమ్మ ఉంది, నంబరు లేదు. లేదు, నిజంగానే 41 మంది చదివారంటారా? అప్పుడు లెక్క 24 లక్షలు దాటుతుంది, రిజిస్ట్రేషన్ తప్పదు. 30 అంటే పన్ను అడగకూడదు, 41 అంటే నంబరు లేకుండా ఉండకూడదు. ఏదో ఒక అంకె మీద నిలబడమని ప్రార్థన.

అయితే మీ 30కి ఇంకో మహిమ ఉందని తరువాత తెలిసింది. మధ్యలో మానేసిన విద్యార్థికి మిగిలిన కాలం ఫీజు 10 రోజుల్లో తిరిగి ఇవ్వాలని 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ, ఎంపికైన విద్యార్థి ఏ కోర్సు ఎంతకాలం చదివాడో దాచకూడదని, అతని రాతపూర్వక అనుమతి లేకుండా ఫోటో వాడకూడదని అదే ఏడాది నవంబరులో వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు ఇచ్చాయి. రెండూ 50 మందికి మించిన కేంద్రాలకే. 'ఒకసారి చెల్లించిన ఫీజు ఎట్టి పరిస్థితుల్లోనూ వాపసు ఇవ్వబడదు' అని మీరు అంత ధైర్యంగా రాసింది ఇందుకేనేమో. కాకపోతే 2019 వినియోగదారుల చట్టంలో తప్పుదోవ పట్టించే ప్రకటనకు ఇలా తలలు లెక్కపెట్టే ఏర్పాటు లేదు, 1915కు ఫోన్ చేసినప్పుడు కూడా బ్యాచ్‌లో ఎంతమంది అని అడిగి పెట్టేయరు.

ఇవన్నీ నేరుగా మిమ్మల్నే అడుగుదామని మీ విచారణ ఫారం నింపాను. పేరు, ఫోన్ నంబరు, అమ్మాయి తరగతి, నా వృత్తి, నేను భరించగల ఫీజు, ఇవన్నీ నింపితే గానీ ముందుకు కదలలేదు. ఫోన్ చేయడానికి అనుమతి ఇస్తున్నట్టు టిక్కు మీరే ముందుగా పెట్టి ఉంచారు, నాకు శ్రమ లేకుండా. చివరి గడిలో 'ఆ 41 మందిలో ఏడాదంతా మీ దగ్గర చదివినవారు ఎంతమంది?' అని తెలుగులో రాశాను.

ఏడు నిమిషాల్లో మీ కార్యాలయం నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. 'సార్, మీ మెసేజ్‌లో అన్నీ ప్రశ్నార్థకాలే వచ్చాయండి, అక్షరం ఒక్కటీ లేదు' అంది. తెలుగును స్వాగతం చెప్పడానికే గానీ వినడానికి మీరు నేర్చుకోలేదని అప్పుడర్థమైంది. సరే, నోటితోనే అడిగాను. కాసేపు నిశ్శబ్దం. వెనక ఎవరినో అడుగుతున్నట్టు వినిపించింది. తరువాత చాలా మర్యాదగా జవాబు చెప్పింది.

'సార్, ఇంకా రెండు సీట్లే ఉన్నాయండి.'

ఇట్లు,
మూడో సీటు కోసం ఎదురుచూస్తున్న ఒక తండ్రి