కాల్‌కు ఏడు రూపాయల లెక్క ఎక్కడ తప్పింది?

“కాల్ సెంటర్ ఖర్చు తెలుసుకోవడానికి సీఏ చదవక్కర్లేదు. ఏజెంట్ జీతం 20 వేలు. కాల్‌కు 4 నిమిషాలు, అంటే 8 గంటల్లో 120 కాల్స్, నెలకు 25 రోజుల్లో 3,000 కాల్స్. కాల్‌కు 7 రూపాయలు కూడా పడదు. కాల్స్ సగమైతే ఖర్చూ సగమే. ఫోన్ బిల్లు దాని మీద కొంచెం. టీమ్ లీడర్లను తీసేస్తే అదంతా మిగులే.” (వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న పోస్టు)

ఈ లెక్క నమ్మి ఏజెంట్లను “120 కాల్స్ ఎందుకు చేయలేదు” అని నిలదీసే మేనేజర్లు ఉన్నారు. అందుకే దీనికి వివరంగా జవాబు చెప్పాలి. కింద నేను వాడిన రూపాయలు లెక్క కోసం వేసుకున్నవి. మీ సెంటర్ అంకెలు పెట్టుకున్నా తేడా ఇదే దిశలో వస్తుంది.

ముందు జీతం సంగతి. 20 వేల జీతం ఇచ్చే కంపెనీకి ఖర్చు 20 వేలతో ఆగదు. యజమాని వాటాగా పీఎఫ్ 12 శాతం, ఈఎస్‌ఐ 3.25 శాతం కట్టాలి. గ్రాట్యుటీకి కొంత పక్కన పెట్టాలి, రాత్రి షిఫ్ట్ ఉంటే క్యాబ్ కూడా. అన్నీ కలిపి 24 వేలు అనుకుందాం. ఆ 24 వేలకు కొన్నది 25 రోజుల పాటు రోజుకు 8 గంటలు, అంటే 200 గంటలు. అందులో ఏజెంట్ హెడ్‌సెట్ పెట్టుకుని కాల్‌కు సిద్ధంగా ఉండేది ఎంతసేపు? సెలవులు, టీ బ్రేకులు, ట్రైనింగ్, మీటింగులు, సిస్టమ్ హ్యాంగ్ అయిన సమయం పోతాయి. దీన్నే ష్రింకేజ్ అంటారు. 30 శాతం తీసేస్తే 140 గంటలు మిగులుతాయి. అంటే సీట్లో ఒక గంటకు సుమారు 171 రూపాయలు.

ఆ 140 గంటల్లో కూడా కాల్ వెనక కాల్ రాదు. పోస్టు రాసినవారు పూర్తిగా వదిలేసింది ఇదే. కస్టమర్లు వరుసలో నిలబడి ఒకరి తర్వాత ఒకరు ఫోన్ చేయరు. ఒక నిమిషంలో అయిదుగురు చేస్తారు, తర్వాతి మూడు నిమిషాలు ఎవరూ చేయరు. ఆ అయిదుగురిలో ఎక్కువమందికి త్వరగా జవాబు దొరకాలంటే మిగతా మూడు నిమిషాలు కొందరు ఏజెంట్లు ఖాళీగా ఉండక తప్పదు. ఎంతమంది కావాలో లెక్కగట్టే సూత్రాన్ని కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ 1917లోనే ప్రచురించారు. నేటికీ రోస్టర్ వేసేవాళ్లు ఎర్లాంగ్ సి పేరుతో దాన్నే వాడుతున్నారు.

ఆ సూత్రంతో ఒక గంట చూద్దాం. కాల్‌కు 4 నిమిషాలు: మాట 3 నిమిషాలు, తర్వాత వివరాలు ఎక్కించడానికి ఒక నిమిషం. వచ్చిన కాల్స్‌లో 80 శాతం 20 సెకన్లలోపు ఎత్తాలన్నది చాలా సెంటర్లు పెట్టుకునే లక్ష్యం. గంటకు 120 కాల్స్ వస్తే 11 మంది కావాలి. 60 వస్తే అయిదున్నర మంది చాలరు, 7 మంది కావాలి. 30 వస్తే 4 మంది. విసుగెత్తి మధ్యలో ఫోన్ పెట్టేసేవాళ్లను ఈ సూత్రం లెక్కలోకి తీసుకోదు కాబట్టి అవసరాన్ని కాస్త ఎక్కువే చూపిస్తుంది. అయినా దిశ మారదు.

దీన్ని ఏజెంట్ వైపు నుంచి చూడండి. ఆ 140 గంటలను 25 రోజులకు పంచితే రోజుకు సీట్లో ఉండేది 5.6 గంటలు. ఆ సమయంలో 11 మందిలో ఒకరికి రోజుకు సుమారు 61 కాల్స్ వస్తాయి. అదే మనిషి, అదే నైపుణ్యంతో, 7 మంది ఉన్న సెంటర్లో 48 కాల్స్, 4 మంది ఉన్నచోట 42 కాల్స్ చేస్తాడు. తేడా అతని బద్ధకం వల్ల వచ్చింది కాదు, కాల్స్ సంఖ్య వల్ల వచ్చింది. 120 ఎవరికీ సాధ్యం కాదు. అది ఒక్క క్షణం ఖాళీ లేకుండా, ఒక్క సెలవు లేకుండా పనిచేసే మనిషి లెక్క.

ఫోన్ ఖర్చు నిజంగానే చిన్నది, కానీ దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. 1800 నంబరుకు వచ్చిన కాల్ డబ్బులు కంపెనీయే కడుతుంది. “తెలుగు కోసం ఒకటి నొక్కండి” అన్నప్పటి నుంచే మీటర్ తిరుగుతుంది. ఇలా నంబర్లు నొక్కించే రికార్డు గొంతు, అంటే ఐవీఆర్, ఏజెంట్ కోసం ఆగే క్యూ కలిపి ఒక నిమిషం, మాట మూడు నిమిషాలు. నిమిషానికి 60 పైసలైతే కాల్‌కు 2.40 రూపాయలు. ఇది కాల్స్‌తో పాటే పెరుగుతుంది, తగ్గుతుంది. ఒకేసారి చాలా కాల్స్ మోసే పీఆర్‌ఐ లైన్ అద్దె, సాఫ్ట్‌వేర్ మాత్రం కాల్స్ వచ్చినా రాకపోయినా కట్టాలి. గంటకు 60 రూపాయలు వేసుకుందాం.

టీమ్ లీడర్ ఖర్చు కూడా అలాగే కదలదు. నెలకు అన్నీ కలిపి 42 వేలు, 140 గంటలు, గంటకు 300. పదకొండుమందికైనా నలుగురికైనా ఒకరు ఉండాల్సిందే. ఇప్పుడు మొత్తం కలపండి. 120 కాల్స్ వచ్చే గంటకు ఖర్చు సుమారు 2,534 రూపాయలు, కాల్‌కు 21. 60 కాల్స్ వచ్చే గంటకు 1,704, కాల్‌కు 28. 30 కాల్స్ గంటకు 1,118, కాల్‌కు 37. కాల్స్ సగానికి పడితే ఖర్చు తగ్గింది మూడో వంతే.

టీమ్ లీడర్‌ను తీసేసి ఆ 300 మిగుల్చుకుందామంటే ఏమవుతుంది? బిల్లు తప్పు సరిచేయడానికి, రీఫండ్‌కు అనుమతి ఇవ్వడానికి ఎవరూ లేకపోతే ఏజెంట్ కస్టమర్‌ను హోల్డ్‌లో పెట్టి పక్క సీటువాళ్లను అడుగుతాడు. సగటు కాల్ 4 నిమిషాల నుంచి నాలుగున్నరకు పెరిగిందనుకోండి. గంటకు 120 కాల్స్‌కు 11 మంది చాలరు, 13 మంది కావాలి. ఆ ఇద్దరికి గంటకు 342 రూపాయలు. అరనిమిషంతోనే మిగులు పోయి, పైన 42 రూపాయలు నష్టం. టీమ్ లీడర్‌కు మరీ ఎక్కువమందిని అప్పగించినా ఇలాంటి నష్టమే వస్తుంది, కాకపోతే నెమ్మదిగా. సగటు కాల్ సమయం వారం వారం కొద్దికొద్దిగా పెరుగుతుంటే ముందు ఇక్కడ చూడాలి.

కాల్స్ పెరిగితే కాల్ ఖర్చు తగ్గుతుందని చూశాం కదా, అందులో ఒక ప్రమాదం ఉంది. గంటకు 60 మంది ఫోన్ చేస్తున్నారు. సమస్య తీరక అందరూ మళ్లీ చేశారు, 120 కాల్స్ అయ్యాయి. రిపోర్టులో కాల్ ఖర్చు 28 నుంచి 21కి తగ్గి మేనేజర్‌కు మెప్పు వస్తుంది. నిజానికి ఒక్కో సమస్యకు 28 బదులు 42 రూపాయలు ఖర్చయింది. ఇది పట్టుకోవాలంటే అదే నంబరు నుంచి ఏడు రోజుల్లో మళ్లీ వచ్చిన కాల్స్‌ను విడిగా లెక్కపెట్టి, ఖర్చును తీరిన సమస్యల సంఖ్యతో భాగించాలి. అవుట్‌సోర్సింగ్ ఒప్పందం కాల్‌కు ఇంత అని రాసుకున్నప్పుడు దీన్ని ఇంకా జాగ్రత్తగా చూడాలి, ఎందుకంటే అక్కడ సమస్య తీరకపోతే అవతలివాళ్లకు ఇంకో కాల్ డబ్బులు వస్తాయి.