చెదపురుగు ఎవరి తరఫు?

నెల్లూరులో అద్దె ఒప్పందాలు రాసేవారి ముందుచూపుకు దండం పెట్టాలి. స్టాంపు కాగితం మీద 11 నెలలకు రాసే ఆ పత్రంలో ఓనరు వారసులు, వాళ్ల వారసులు అందరూ ఉంటారు. ఇంట్లో పేకాట ఆడరాదనీ, పేలుడు పదార్థాలు దాచరాదనీ ఉంటుంది. చెదలు పడితే మందు ఎవరు కొట్టించాలో మాత్రం ఉండదు. అడిగితే ఓనరు నొచ్చుకుంటాడు. "మనలో మనకి కాగితాలేంది సార్?" అంటాడు.

ఆ 'మనలో మన' ఇంటిని మొన్నామధ్య మా మేనల్లుడు ఖాళీ చేశాడు. వేదాయపాళెంలో రెండు బెడ్‌రూముల వాటా. అద్దె 12,000, అడ్వాన్సు 36,000, ఉన్నది మూడేళ్లు. కింద ట్రాలీ ఆటోలోకి బీరువా ఎక్కుతుండగా ఓనరుగారు తనిఖీకి వేంచేశారు. ఫోను టార్చి వెలిగించి గోడలన్నీ తడిమారు. హాల్లో ఒక మేకు దగ్గర ఆగారు.

"ఇదెవరిది?"

"దేవుడి పటానికి కొట్టాం సార్."

"దేవుడు మీవాడే కదా నాయనా. అయితే రంగు మీరే వేయించాలి."

తర్వాత ఏసీ ఫిల్టర్ లాగి, దుమ్మును వెలుతురులో పెట్టి చూశారు. సర్వీసు మీరు చేయిస్తారనుకున్నానని మావాడు అన్నాడు. "చల్లగాలి పీల్చింది మీరు, చేయించేది నేనా?" అన్నారు. ఆపైన తలుపు గుమ్మానికి పట్టిన మట్టి చార చూపించి, మీ పుస్తకాలకే చెదలొచ్చాయని తీర్పిచ్చేశారు. రంగుకు 20,000, చెదలకు 6,000, ఏసీకీ గీజరుకూ 3,000. మిగతా 7,000 చేతిలో పెట్టి, "పూర్తిగా పట్టుకోలేదు చూశారా" అన్నారు.

చెదలు పుస్తకాలు చదవడానికి రావు. ఎక్కువగా నేలలోంచి, పునాది పగుళ్లలోంచి మట్టి గొట్టాలు కట్టుకుంటూ పైకెక్కుతాయి. అందుకే గోడా నేలా కలిసే చోట అడుగుకొకటి చొప్పున రంధ్రాలు వేసి మందు పోస్తారు. ఆ పని ఇంటికి చేసేది, అద్దెకున్న మనిషికి కాదు. బొద్దింకల మందంటే వేరే సంగతి. వంటింట్లో అన్నం వండుకునేవాళ్లు పెట్టుకోవచ్చు. 'పెస్ట్ కంట్రోల్' అని ఒక్క ముక్క రాస్తే చాలదు. చెదలు ఓనరువి, బొద్దింకలూ నల్లులూ అద్దెదారువి అని పురుగుల పేర్లతో సహా రాయాలి. నవ్వొచ్చినా రాయాలి.

రంగు విషయంలో 1882 నాటి ఆస్తి బదిలీ చట్టానికి ఉన్న ఇంగితం మన ఓనర్లకు లేదు. ఇల్లు తీసుకున్నప్పుడు ఎలా ఉందో అలాగే అప్పగించాలంటూనే, మామూలు వాడకంలో వచ్చే అరుగుదలను 108వ సెక్షన్ మినహాయించింది. 2021 నమూనా అద్దె చట్టం గోడల సున్నాన్నీ, తలుపుల రంగునూ ఓనరు జాబితాలోనే వేసింది. నమూనా కాబట్టి రాష్ట్రం తన చట్టంలో పెట్టుకుంటేనే చెల్లుతుంది. ఏదేమైనా గొడవొస్తే ముందు రాసుకున్న కాగితమే దిక్కు.

ఒక లెక్క రాసుకుంటే గొడవే ఉండదు. రంగు ఆయుష్షు ఐదేళ్లనుకుందాం. మావాడు చేరడానికి ఏడాది ముందు రంగు వేశారు, మావాడు మూడేళ్లు ఉన్నాడు; అంటే నాలుగేళ్లు అరిగిపోయింది. పిల్లలు గోడలన్నీ పెన్నుతో గీసి పాడుచేశారనుకున్నా, వాడు కట్టాల్సింది మిగిలిన ఒక్క ఏడాదికి, అంటే 20,000లో ఐదో వంతు, 4,000. ఒక్క మేకుకు మొత్తం ఇల్లా? గోడ అడుగున చెమ్మకు పెచ్చులూడితే ఆ పద్దు అద్దెదారుది కానే కాదు.

గీజరు దగ్గర మాత్రం అదే నమూనా చట్టం రిపేర్లను అద్దెదారు మీదే పెట్టింది, ఓనర్లు సంబరపడొచ్చు. కానీ బోరు నీళ్లలో ఉప్పెక్కువైతే లోపలి కాయిల్‌కు తెల్లటి పెచ్చు కడుతుంది. నీళ్లు కాగడానికి ఆలస్యమైనా, లోపల చిటపటమన్నా అదే గుర్తు. ఏడాదికోసారి శుభ్రం చేయించే ఖర్చు అద్దెదారుదని, ట్యాంకు కారినా ఏసీ కంప్రెసర్ పోయినా ఓనరుదని రాసుకోవచ్చు. అయితే ఇల్లిచ్చే రోజు ఓనరు ఒకసారి సర్వీసు చేయించి ఆ బిల్లు ఇవ్వాలి. లేకపోతే పాత అద్దెదారు దుమ్ముకు కూడా కొత్తవాడే బాధ్యుడవుతాడు.

ఇంతా చేసి ఇదంతా చెదల గురించీ రంగు గురించీ కాదు. అడ్వాన్సు ఓనరు జేబులో ఉంది, అద్దెదారు సామాను ఆటోలో ఉంది, కొత్త ఇంటి ఓనరు అవతల తన అడ్వాన్సు కోసం ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నాడు. సరిగ్గా ఆ గంటలోనే ఈ లెక్కలన్నీ ఎందుకు పుట్టుకొస్తాయి? ఆ గంటలో ఎవడూ వాదించలేడని తెలుసు కాబట్టి. దీన్ని ఇంటి మరమ్మతు అంటారా? నెల జీతంతో బతికేవాడి డబ్బును పట్టపగలు, టార్చి లైటు వేసి మరీ దోచుకోవడం ఇది! మావాడు పెయింటరు బిల్లు చూపించమన్నాడు. రంగు ఇంకా వేయలేదట. మరుసటి వారమే కొత్తవాళ్లు దిగారు, అదే గోడలు, అదే మేకు. వాళ్ల దగ్గర అడ్వాన్సు 40,000 తీసుకున్నారట.