టిక్కు పెట్టారు సరే, లీకేజీ ఉన్నట్టా లేనట్టా?

జనరేటర్ చెక్‌లిస్టులో 'కూలెంట్ లెవెల్' ఎదురుగా టిక్కు ఉంటే బాగుందని అర్థం. దాని కిందే 'ఆయిల్ లీకేజీ' ఎదురుగా కూడా టిక్కే! కారుతోందా, లేక చూశాను, ఏమీ లేదనా? ఇంటూ పెట్టినా అదే గోల: లీకేజీ లేదనీ అనుకోవచ్చు, అసలు చూడలేదనీ అనుకోవచ్చు. ఇక గీత మరీ అన్యాయం. ఆ రోజు సెట్టు నడపలేదా, ఆ పార్టే లేదా, పై గడిలో ఉన్నదే ఇక్కడా అనా?

ఒక్క గడి చూసి తేల్చకూడదు. అదే చేతిరాతతో ఉన్న వారం షీట్లు పక్కపక్కన పెట్టాలి. లీకేజీకి రోజూ టిక్కే ఉండి, డిప్‌స్టిక్ రీడింగ్ తగ్గకుండా, ఆయిల్ పోసినట్టు ఎక్కడా రాయకపోతే, అది 'చూశాను' టిక్కే కావచ్చు. రీడింగ్ తగ్గుతోందా, వెంటనే సెట్టు కింద టార్చి వేసి చూడాలి. నిలువునా అన్ని గడుల్లో గీతలుంటే రన్నింగ్ అవర్స్ చూడండి. మీటరు కదలకపోతే ఆ రోజు నడపలేదు.

అసలు తప్పు ఫారం తయారుచేసినవాళ్లది. 'ఆయిల్ లీకేజీ లేదు' అని అచ్చు వేస్తే టిక్కుకి ఒక్కటే అర్థం ఉండేది కదా!