ముహూర్తానికి మైకు అడ్డం

పెళ్లికి వధూవరులు, పురోహితుడు, అగ్నిహోత్రం ఉంటే చాలని మన పెద్దలు పొరబడ్డారు. ఇంగ్లీషు వ్యాఖ్యాత లేకుండా ఇన్ని తరాల పెళ్లిళ్లు ఎలా చెల్లాయో ఆ దేవుడికే తెలియాలి. ఇప్పుడా లోటు తీరింది. పెళ్లికొడుకు ఆఫీసు నుంచి ఇద్దరు అమెరికన్లు వస్తున్నారంటే చాలు, ఆరొందల మంది తెలుగువాళ్ల నెత్తిన కార్డ్‌లెస్ మైకు మోగుతుంది. క్లుప్తంగా, గౌరవంగా, సులువుగా అర్థమయ్యేలా చెబుతామని ఈవెంట్ వాళ్లు ముందే మాటిస్తారు. అడ్వాన్సు తీసుకునేటప్పుడు ఎవరైనా అలాగే మాట్లాడతారు లెండి.

మొన్న హైదరాబాద్ శివార్లలో ఒక పెళ్లి. ముహూర్తం 11 గంటల 23 నిమిషాలకు. వధూవరుల మధ్య తెర పట్టారు. తమలపాకుల్లో జీలకర్ర బెల్లం ముద్దలు ఇద్దరి చేతుల్లోకీ వచ్చాయి. నాదస్వరం ఆయన పంతులుగారి చెయ్యి ఎప్పుడు లేస్తుందా అని కళ్లార్పకుండా చూస్తున్నాడు. సరిగ్గా అప్పుడు మైకు పలికింది: "వన్ మినిట్ పంతులుగారూ!"

ఆ ఒక్క మినిట్‌లో మాకు తెలిసిందేమిటంటే, జీలకర్ర, బెల్లం కలిస్తే కరెంటు పుడుతుంది. అది నడినెత్తి మీదుగా దిగి ఇద్దరి మెదళ్లనూ కలుపుతుంది. మన రుషులు దీన్ని ఎప్పుడో కనిపెట్టారు. ముందు వరసలోని అమెరికన్ ఎలక్ట్రికల్ ఇంజనీరట, పాపం ఎంతో మర్యాదగా "ఎన్ని వోల్టులు?" అని అడిగాడు. వ్యాఖ్యాత ఏమాత్రం తడబడకుండా "ఇట్స్ వెరీ ఏన్షియంట్, సర్" అంది. టైము 11.25. ముద్ద పట్టుకున్న పెళ్లికూతురి చెయ్యి వణుకుతోంది. తెర పట్టుకున్నవాళ్లు చేతులు మార్చుకుంటున్నారు. ఆఖరికి పంతులుగారు ఇంక ఆగలేక "గట్టిమేళం!" అని అరిచారు. ఆ క్షణంలో తుమ్ముగానీ, అశుభం మాటగానీ ఎవరి చెవినా పడకూడదనే డోలు, సన్నాయి అంత జోరుగా వాయిస్తారు. మైకు దాన్ని సవాలుగా తీసుకుని వాల్యూమ్ పెంచింది.

ఇంతకీ ఆ అతిథులకు కావలసింది మూడే మాటలు. ఒకరి తల మీద ఒకరు జీలకర్ర బెల్లం ఉంచుతారు. తెర తీశాక ఒకరినొకరు చూసుకుంటారు. ముహూర్తమంటే ఇదే క్షణం, తాళి కట్టేది ఆ తరవాత. తెర పట్టకముందే చెప్పేసి నోరు మూసుకుంటే పావు నిమిషం పని. కరెంటు బిల్లు కూడా రాదు.

కరెంటు సంగతి నవ్వి ఊరుకుందాం. అంతకుముందు కన్యాదానంలో జరిగింది మాత్రం క్షమించరానిది. వధువు తల్లి చెంబుతో నీళ్లు వదులుతోంది. తండ్రి అల్లుడి కాళ్లు కడిగి, ధర్మంలో, అర్థంలో, కామంలో నా కూతుర్ని అతిక్రమించకూడదని అడుగుతున్నాడు. అల్లుడు "నాతిచరామి" అనాలి, అదీ మూడుసార్లు. పెళ్లి మొత్తంలో పరాయి దేశం మనిషికి తప్పకుండా విప్పి చెప్పాల్సిన మాట ఏదైనా ఉంటే ఇదొక్కటే. ఆ సమయంలో మైకు ఏం చెబుతోంది? "వెరీ ఎమోషనల్ మూమెంట్, కెమెరాస్ రెడీ!" అల్లుడు మాటిచ్చాడో లేదో ఎవరికీ వినపడలేదు. ఆ తండ్రి గొంతు పూడుకుపోయి, చెప్పిన మంత్రమే మళ్లీ చెబుతుంటే, "ప్లీజ్ లుక్ హియర్ అంకుల్" అంటారా? ఆయన మీకు అంకుల్ ఎప్పుడయ్యాడు? కూతుర్ని అప్పగిస్తున్న మనిషి ఏడుపును కూడా మీ ప్రోగ్రాంలో ఐటెం చేస్తారా? నా పక్కన కూర్చున్న పెద్దావిడ "ఏమంటున్నార్రా అబ్బాయ్ అక్కడ?" అని మనవణ్ణి అడిగితే, వాడు "ఫారినర్స్‌కి ఎక్స్‌ప్లెయిన్ చేస్తున్నారు మామ్మా, మనకి కాదు" అన్నాడు. మంత్రం వాడికీ తెలియదు. చెప్పేవాళ్లు లేరు, ఉన్న మైకు వాడిది కాదాయె.

ఇక అరుంధతి. పట్టపగలు ఒంటిగంటకి నక్షత్రం చూపించే తతంగం మనకు అలవాటే, ఆకాశంలోకి చూసి దండం పెట్టేసి భోజనాలకు పరిగెడతాం. సప్తర్షి మండలంలో వసిష్ఠుడి పక్కనే సన్నగా మెరిసే చుక్క, రాత్రయితే కనిపిస్తుందని ఒక్క ముక్క చెబితే పోయేది. మైకు మాత్రం "ప్లీజ్ అబ్జర్వ్ ది స్టార్" అని ప్రకటించింది. ఆ ఇద్దరూ నిజంగానే పార్కింగ్‌లోకి వెళ్లి, చలువ కళ్లద్దాలు పెట్టుకుని, మిట్టమధ్యాహ్నపు ఎండలో చాలాసేపు వెతికారు.

వచ్చే నెల మా బంధువులింట్లో పెళ్లి ఉంది. వ్యాఖ్యాతకు ఇచ్చేది ఎంతో కనుక్కున్నాను. మేళం వాళ్లందరికీ కలిపి ఇచ్చేదానికంటే ఎక్కువట. ఆ డబ్బేదో మేళానికే ఇచ్చి, ఇంకాస్త గట్టిగా వాయించమని చెప్పాను.